పొగ పట్టడానికి పుట్టిన మిషన్, సెకండ్ హ్యాండ్ బండి గుట్టు చెప్తుంది

ఈ వారం ఎపిసోడ్‌లో సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు స్కానర్ పెట్టి చూడటం గురించి మాట్లాడుకున్నాం. దాని వెనుక ఉన్న చరిత్ర చెప్పడానికి టైం చాల్లేదు. ఆ చరిత్ర తెలిస్తేనే స్కానర్ తెరమీద ఏ లైను చూడాలో అర్థమవుతుంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. స్కానర్ పెట్టి "కోడ్ ఏమీ లేదు, బండి బాగుంది" అనుకుని డబ్బులు లెక్కపెట్టేవాళ్లు మన క్యాంపుల్లో చాలామంది ఉన్నారు. కోడ్ తుడిచేయడానికి అమ్మేవాడికి పది సెకన్లు చాలు. మనం వాడే స్కానర్‌తోనే తుడుస్తాడు. కానీ తుడిచినట్టు బండికి గుర్తుంటుంది. ఎన్ని కిలోమీటర్ల కింద తుడిచారో కూడా చాలా బండ్లు చెప్తాయి. కొనేవాళ్ల మీద దయతో ఎవరూ ఈ గుర్తు పెట్టలేదు. అమెరికాలో పొగ టెస్టులో దొంగ దారిన పాసయ్యేవాళ్లను పట్టుకోవడానికి పెట్టారు. మనకు పనికిరావడం తర్వాత జరిగింది.

కంప్యూటర్ లేని రోజుల్లో ఇంజిన్ చూడటం అంటే చెవి, ముక్కు, చెయ్యి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి విని, సైలెన్సర్ వెనక నిలబడి పొగ రంగు చూసి, డిప్‌స్టిక్ లాగి ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది చూసేవాళ్లు. ఇంకొంచెం గట్టి మెకానిక్ అయితే స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టేవాడు. అది పిస్టన్ గాలిని ఎంత నొక్కగలుగుతుందో చూపించే మీటర్. నేను ఐటీఐలో ఉన్నప్పుడు మా పక్క బ్యాచ్ మోటార్ మెకానిక్ వాళ్లు ఈ గేజ్‌తోనే నేర్చుకునేవాళ్లు. ఆ గేజ్ ఇప్పటికీ పాతబడలేదు, దాని సంగతి కింద వస్తుంది.

అయితే మెకానిక్‌కు తెలిసింది కొనేవాడికి తెలియదు, అమ్మేవాడికి తెలిసింది ఇద్దరికీ తెలియదు. ఈ తేడా మీద 1970లో జార్జ్ ఏకర్లాఫ్ అనే అమెరికా ఆర్థిక శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. ఉదాహరణగా తీసుకున్నది సెకండ్ హ్యాండ్ కార్లనే. కొనేవాడికి మంచి బండికీ చెడ్డ బండికీ తేడా తెలియకపోతే, అన్నింటికీ మధ్యస్తం రేటే ఇస్తాడు. ఆ రేటుకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, ఇంట్లోనే పెట్టుకుంటాడు. చెడ్డ బండి ఉన్నవాడు సంతోషంగా తెస్తాడు. అట్లా అట్లా మార్కెట్‌లో చెడ్డవే మిగులుతాయి అన్నాడు. ఆ వ్యాసాన్ని మొదట పత్రికలు కాదని తిప్పిపంపాయి. 2001లో నోబెల్ వచ్చింది. ఇక్కడ శుక్రవారం సాయంత్రం ఓపెన్ యార్డ్‌లో తిరిగిన ఎవరికైనా ఆయన చెప్పింది కొత్తగా అనిపించదు.

ఇక అసలు కథ లాస్ ఏంజెలెస్‌లో మొదలవుతుంది. 1943 జులైలో ఒకరోజు ఆ ఊరిమీద పొగ కమ్మేసింది. కళ్లు మండాయి, గొంతులు పట్టుకుపోయాయి. యుద్ధకాలం కాబట్టి జపాన్ వాళ్లు విషవాయువు వదిలారేమో అని కొందరు భయపడ్డారు. ఆ తర్వాత కూడా పొగ వస్తూనే ఉంది. ఫ్యాక్టరీలను అనుమానించారు, చెత్త కాల్చడాన్ని అనుమానించారు. 1950ల మొదట్లో ఏరీ హాగెన్-స్మిట్ అనే డచ్ రసాయన శాస్త్రవేత్త అసలు సంగతి తేల్చాడు. కార్ల నుంచి, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే కాలీకాలని పెట్రోల్ ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌తో కూడిన ఈ పొగ తయారవుతోంది, కళ్లు మండేది దానివల్ల అని. 1967లో కాలిఫోర్నియా ప్రభుత్వం గాలి కోసం ఒక బోర్డు పెట్టింది, కార్బ్ అంటారు. దానికి మొదటి అధ్యక్షుడు ఈయనే. 1970లో దేశం మొత్తానికి గాలి చట్టం వచ్చింది.

చట్టం వచ్చాక కార్ల కంపెనీలకు పని పడింది. 1975 మోడళ్ల నుంచి సైలెన్సర్ లైనులో క్యాటలిటిక్ కన్వర్టర్ పెట్టారు. మన గ్యారేజీల్లో 'క్యాట్' అంటారే, అదే. కొద్ది ఏళ్లలో మూడు రకాల విషవాయువులనూ ఒకేసారి శుభ్రం చేసే క్యాట్ వచ్చింది. అది పనిచేయాలంటే ఒక షరతు ఉంది. ఒక పాలు పెట్రోల్‌కు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కలవాలి. అటూ ఇటూ అయితే క్యాట్ సరిగా పనిచేయదు. ఇంత ఖచ్చితంగా కార్బ్యురేటర్ స్క్రూ తిప్పి చేయలేం. అందుకే పొగలో ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్, దాని మాట విని పెట్రోల్ తగ్గించే పెంచే కంప్యూటర్ బండిలోకి వచ్చాయి. ఇంజిన్‌లోకి కంప్యూటర్ రావడానికి పెద్ద కారణం పొగ అని అందుకే అంటున్నా.

కంప్యూటర్ వచ్చాక ఇంకో తలనొప్పి. సెన్సర్ పాడైతే బండి నడుస్తూనే ఉంటుంది, కానీ పొగ పెరుగుతుంది. డ్రైవర్‌కు ఎట్లా తెలియాలి? 1981లో జనరల్ మోటర్స్ తన కార్లన్నింటిలో కంప్యూటర్ కంట్రోల్ పెట్టి, డ్యాష్‌బోర్డు మీద చిన్న లైటు ఇచ్చింది. అప్పట్లో స్కానర్ లేకున్నా కోడ్ చదవొచ్చు. డ్యాష్ కింద ఉండే సాకెట్‌లో A, B అనే రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపితే ఆ లైటే మాట్లాడేది. ఒకసారి వెలిగి, కాసేపు ఆగి, వెంటవెంటనే రెండుసార్లు వెలిగితే 12. అంటే 'నా పరీక్ష విభాగం పనిచేస్తోంది' అని. తర్వాత అసలు కోడ్లు వచ్చేవి. మెకానిక్‌లు పేపర్ మీద గీతలు గీసుకుని లెక్కపెట్టేవాళ్లు. కోడ్ తుడవాలంటే ఫ్యూజ్ పీకడమో, బ్యాటరీ వైరు విప్పడమో చేస్తే సరిపోయేది, ఏ గుర్తూ మిగలదు.

కాలిఫోర్నియా 1988 మోడళ్ల నుంచి ఇట్లాంటి స్వయం పరీక్ష అన్ని కొత్త కార్లలో ఉండాలంది. దాన్నే తర్వాత ఓబీడీ-1 అన్నారు. కానీ ఒక్కో కంపెనీకి ఒక్కో సాకెట్, ఒక్కో కోడ్ పుస్తకం. పైగా సెన్సర్ వైరు తెగితే చెప్తుంది గానీ క్యాట్ అరిగిపోయిందా అంటే చెప్పదు. అందుకే రెండో రూపం, ఓబీడీ-2 తయారైంది. 1994 నుంచి మెల్లమెల్లగా తెచ్చి, 1996 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారులో తప్పనిసరి చేశారు. స్టీరింగ్ దగ్గర కింద కనిపించే పదహారు పిన్నుల సాకెట్, P0300 లాంటి అందరికీ ఒకే అర్థం ఉన్న కోడ్లు, అన్నీ అప్పటి నుంచే. యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి, డీజిల్ కార్లకు 2004 నుంచి ఇట్లాంటిదే వచ్చింది. మన దేశంలో నాలుగు చక్రాల బండ్లకు ఓబీడీ-2 2013 ఏప్రిల్ నుంచి. ఇంటికి పోయాక సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకునేవాళ్లు ఆ ఏడాది గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు మనకు కావలసిన ముక్క. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బండికి పొగ టెస్టు ఉంటుంది. ఓబీడీ-2 వచ్చాక సైలెన్సర్‌లో గొట్టం పెట్టే బదులు సాకెట్‌కు వైరు పెట్టి, లైటు వెలుగుతోందా, కోడ్ ఉందా అని చూడటం మొదలైంది. జనం ఏం చేస్తారో మనకు తెలియనిది కాదు. టెస్టు సెంటర్ బయట బ్యాటరీ వైరు విప్పి మళ్లీ బిగించి లోపలికి పోతే కోడ్ ఉండదు కదా!

దీన్ని ముందే ఊహించి పెట్టినదే రెడీనెస్. బండి కంప్యూటర్‌కు కొన్ని స్వయం పరీక్షలు ఉంటాయి. క్యాట్, ఆక్సిజన్ సెన్సర్, దాని హీటర్, పెట్రోల్ ట్యాంకు ఆవిరి లైను, ఇట్లా ఒక్కోదానికి ఒక పరీక్ష. కోడ్లు తుడిస్తే వీటి ఫలితాలు కూడా పోతాయి. ప్రతి దాని ముందు Incomplete అనో Not ready అనో పడుతుంది. మళ్లీ Complete కావాలంటే బండి చల్లగా స్టార్ట్ కావాలి, హైవే మీద ఒకే స్పీడులో కొంతసేపు పోవాలి, కాసేపు ఐడిల్‌లో నిలబడాలి. కొన్ని పరీక్షలకు రెండు మూడు రోజుల డ్రైవింగ్ పడుతుంది. 2001, ఆ తర్వాత మోడళ్లకు ఒకటి కంటే ఎక్కువ పరీక్షలు మిగిలి ఉంటే పొగ టెస్టు చేయకుండా వెనక్కి పంపాలని అమెరికా పర్యావరణ సంస్థ సలహా ఇచ్చింది.

ఇది చాలలేదు. ఓపిక ఉన్నవాడు తుడిచి, పరీక్షలన్నీ పూర్తయ్యేలా నడిపి, లోపం మళ్లీ బయటపడేలోపు టెస్టుకు పోతాడు కదా. కాలిఫోర్నియా 2010 మోడళ్ల నుంచి మెల్లగా 'పర్మనెంట్ కోడ్' అనేది తెచ్చింది. లైటు వెలిగించిన కోడ్ ఒక కాపీ వేరే చోట దాక్కుంటుంది. స్కానర్‌తో తుడిచినా, బ్యాటరీ విప్పినా పోదు. ఆ లోపం నిజంగా పోయిందని బండి తనకు తానే పరీక్షించి ఒప్పుకున్నాకే పోతుంది. అమెరికా నుంచి ఇక్కడికి వచ్చే బండ్లలో, అందులోనూ ఇన్సూరెన్స్ వేలంలో కొని తెచ్చినవాటిలో ఈ పేజీ తప్పక తెరవాలి. స్కానర్‌లో Permanent codes అని ఉంటుంది.

ఇదంతా పెద్ద వర్క్‌షాపుల చేతిలోనే ఉండేది. కెనడాలో ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ ELM327 అనే చిప్ చేసింది. బండి భాషను మామూలు కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మారుస్తుంది. దాని మొదటి వెర్షన్‌లో కాపీ కాకుండా తాళం వేయలేదు. ఇక చూడండి, నకళ్లు లోకమంతా నిండాయి. మన ఏరియా మొబైల్ షాపుల్లో ముప్పై, నలభై దిర్హాములకు దొరికే నీలం రంగు బ్లూటూత్ ముక్క ఆ వంశందే. పని చేస్తుంది, కానీ అన్ని నకళ్లూ అన్ని పేజీలనూ తెరవవు. కొన్నాక ముందు క్యాంపులో ఎవరిదైనా తెలిసిన బండికి పెట్టి చూడండి. దానికే రెడీనెస్ పేజీ రాకపోతే ఆ ముక్క కొనేటప్పుడు పనికిరాదు.

చరిత్ర సరే, చేతిలో పెట్టుకుంటే ఎట్లా ఉంటుందో ఒక బండి కథ చెప్తా. మా సైట్ స్టోర్‌లో పనిచేసే జగిత్యాల వైపు తమ్ముడు ఒకడికి పోయిన చలికాలంలో లైసెన్స్ వచ్చింది. 2013 మోడల్ చిన్న సెడాన్ చూశాడు, 1.6 లీటర్ పెట్రోల్, నాలుగు సిలిండర్లు. అడిగింది 15,500 దిర్హాములు. రంగు మెరుస్తోంది, పాసింగ్ ఆ నెలలోనే అయింది. "అన్నా, టోకెన్ ఐదు వందలు ఇచ్చి పట్టుకొమ్మంటున్నాడు" అని ఫోన్ చేశాడు. "తమ్మీ, స్కానర్ పెట్టేదాకా పైసా ఇయ్యకు" అని సాయంత్రం నేనూ పోయాను.

పోగానే స్టార్ట్ చేయలేదు. తాళం రెండో పాయింటుకు తిప్పి లైట్లు చూశాం. ఇంజిన్ లైటు అప్పుడు వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో లోపల బల్బు పీకారని లెక్క. ఈ బండిలో వెలిగింది, అంతవరకు బాగుంది. స్కానర్ పెట్టాం. అమ్మే ఆయన "పొద్దున నుంచి స్టార్ట్ చేయలేదు" అన్నాడు. తెరమీద కూలెంట్ వేడి 68 డిగ్రీలు, లోపలికి పోయే గాలి వేడి 29 డిగ్రీలు. రాత్రంతా, పగలంతా నిలబడిన బండిలో ఈ రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి. అంటే మేం వచ్చేముందే వేడి చేసి పెట్టాడు. చల్లటి ఇంజిన్‌లో కనిపించేది ఏదో ఉంది.

కోడ్ల పేజీలో ఒక్కటీ లేదు. రెడీనెస్ పేజీ తెరిస్తే క్యాట్, ఆక్సిజన్ సెన్సర్, దాని హీటర్, మూడూ Incomplete. మిస్‌ఫైర్, ఫ్యూయల్ సిస్టం అనే రెండు Complete అని ఉన్నాయి, కానీ ఆ రెండూ ఎప్పుడూ నడిచే పరీక్షలు, చాలా బండ్లలో తుడిచిన వెంటనే కూడా Complete అనే చూపిస్తాయి. వాటిని చూసి మోసపోవద్దు. కింద Distance since codes cleared అనే లైనులో 6 కిలోమీటర్లు. Warm-ups since codes cleared అనే లైనులో 1. ఈ వార్మప్ అంటే ఇంజిన్ వేడి కనీసం 22 డిగ్రీలు పెరిగి 70 డిగ్రీలు దాటిన ఒక ప్రయాణం. అంటే ఈ బండి కోడ్లు తుడిచాక ఒక్కసారే పూర్తిగా వేడెక్కింది, ఆరు కిలోమీటర్లే తిరిగింది.

ఇక్కడ తొందరపడి దొంగ అనకూడదు. గల్ఫ్ ఎండకు బ్యాటరీలు రెండు వేసవులకే పోతాయి. కొత్త బ్యాటరీ వేస్తే కూడా చాలా బండ్లలో ఇదే కనిపిస్తుంది. ఆయన కూడా అదే అన్నాడు, నిన్ననే బ్యాటరీ మార్చానని. బానెట్ ఎత్తితే బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా బూజు పట్టి ఉంది, స్టిక్కర్ మీద తేదీ ఏడాదిన్నర కిందది. తమ్ముడు నా మొహం చూశాడు. మేం గొడవ పెట్టుకోలేదు. "రేపు పొద్దున ఏడింటికి వస్తాం, రాత్రి స్టార్ట్ చేయకండి. నడిపి చూసి మెకానిక్ దగ్గరికి తీసుకుపోతాం, ఖర్చు మాదే" అన్నాం. కొంచెం గునిసి ఒప్పుకున్నాడు. ఈ మాటకు ఒప్పుకోనివాడి బండిని నేనైతే అక్కడే వదిలేస్తా.

పొద్దున కూలెంట్ 21, గాలి 20. ఈసారి నిజంగా చల్లగా ఉంది. స్టార్ట్ చేయగానే బండి వణికింది, సీటుకు తెలిసేంత. అర నిమిషంలో కొంచెం సర్దుకుంది. అదే సాయంత్రం పూట కనపడకుండా దాచింది. తర్వాత సుమారు నలభై నిమిషాలు నడిపాం. కొంచెం హైవే, కొంచెం సిగ్నళ్లు, పది నిమిషాలు ఏసీ వేసి ఐడిల్. డ్యాష్‌మీద లైటు రాలేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. చాలా లోపాలకు ఓబీడీ-2 రెండు ప్రయాణాల పద్ధతి పాటిస్తుంది. మొదటి ప్రయాణంలో లోపం కనిపిస్తే లైటు వేయదు, Pending అని రాసిపెట్టుకుంటుంది. మళ్లీ వస్తేనే లైటు. అందుకే నడిపాక Pending పేజీ చూడాలి. అక్కడ రెండు కోడ్లు ఉన్నాయి, P0302, P0303. రెండో సిలిండర్, మూడో సిలిండర్ సరిగా మండటం లేదు అని.

బండికి ఇది ఎట్లా తెలుస్తుంది అంటే, క్రాంక్‌షాఫ్ట్ తిరిగే వేగాన్ని ఒక సెన్సర్ లెక్కపెడుతూ ఉంటుంది. ఒక సిలిండర్ మండకపోతే ఆ క్షణం షాఫ్ట్ కొంచెం నెమ్మదిస్తుంది. ఏ సిలిండర్ వంతులో నెమ్మదించిందో చూసి ఆ నంబరు రాస్తుంది. అంతవరకే దానికి తెలుసు. ఎందుకు మండలేదో దానికి తెలియదు. స్పార్క్ ప్లగ్ కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, లోపల ఇంజినే పోయి ఉండవచ్చు. మొదటి మూడూ వందల్లో పోతాయి. నాలుగోది వేలు. అమ్మే ఆయన వెంటనే "ప్లగ్గులు మార్చుకుంటే అయిపోతుంది" అన్నాడు. ఇక్కడి నుంచి స్కానర్ పని అయిపోయింది, పాత గేజ్ పని మొదలైంది.

మాకు తెలిసిన మెకానిక్ అన్న దగ్గరికి పోయాం. చెకింగ్‌కు 250 దిర్హాములు అని ముందే మాట్లాడుకున్నాం. ఆయన ముందు బానెట్ కింద ఊరికే చూశాడు. "పదేండ్ల బండికి రేడియేటర్ ఇంత కొత్తగా ఉందేంది?" అన్నాడు. ఎప్పుడో బాగా వేడెక్కి ఉంటుందని ఆయన అనుమానం. కూలెంట్ శుభ్రంగా ఉంది, ఆయిల్ పాలలా మారలేదు. హెడ్ గ్యాస్కెట్ పోతే ఆయిల్‌లో నీళ్లు కలుస్తాయని అందరం వింటాం కదా, ఇక్కడ ఆ లక్షణం లేదు.

తర్వాత రెండో కాయిల్ తీసి ఒకటో సిలిండర్‌కు, ఒకటోది రెండుకు వేసి స్టార్ట్ చేశాడు. కాయిల్ పాడైతే లోపం దానితోపాటు ఒకటికి పోవాలి. పోలేదు. రెండులోనే ఉంది. ప్లగ్గులతో కూడా అంతే. అప్పుడు వేడి ఇంజిన్ మీదే నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిళ్ల వైర్లు, ఇంజెక్టర్ ఫ్యూజ్ తీసేసి, ఒక రంధ్రంలో గేజ్ బిగించాడు. తమ్ముడిని ఎక్సలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. అయిదారు నొక్కులు అయ్యేదాకా. అట్లా ఒక్కోదానికి. ఎక్సలరేటర్ తొక్కకపోతే గాలి సరిగా పోక అన్నీ తక్కువ చూపిస్తాయి, బ్యాటరీ వీక్‌గా ఉన్నా అంతే. కొన్ని గ్యారేజీల్లో ఈ రెండూ మరిచిపోయి బాగున్న ఇంజిన్‌ను కూడా పోయిందంటారు.

లెక్కలు ఇట్లా వచ్చాయి. ఒకటో సిలిండర్ 178 పీఎస్ఐ, రెండు 112, మూడు 108, నాలుగు 174. ఎంత ఉండాలో ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో లెక్క ఉంటుంది. కానీ అన్నింటికంటే తక్కువది, ఎక్కువదానిలో ముప్పావు భాగం కంటే దిగితే లోపం ఉన్నట్టే అని మెకానిక్‌ల వాడుక. 178లో ముప్పావు అంటే సుమారు 133. రెండూ దానికి చాలా కింద ఉన్నాయి.

ఆ తర్వాత చేసిన పని నాకు నచ్చింది. రెండో రంధ్రంలో టీ చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టించాడు. పిస్టన్ రింగులు అరిగితే ఆయిల్ ఆ సందును కాసేపు మూసి రీడింగ్ బాగా పెరుగుతుంది. ఇక్కడ 112 కాస్తా 115 అయింది. అంటే రింగులు కావు. మిగిలింది వాల్వులు, లేదా గ్యాస్కెట్. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు ఒకేలా తక్కువ ఉన్నాయంటే వాటి మధ్య గోడ దగ్గర గ్యాస్కెట్ కాలిపోయిందని అనుమానించాలి. రుజువు కోసం రెండో పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకుని ఉన్న చోట, ఆ రంధ్రంలోకి కంప్రెసర్ గాలి పంపాడు. మూడో రంధ్రం దగ్గర చెయ్యి పెడితే గాలి తగిలింది, సుయ్‌మని చప్పుడు. నీళ్ల దారి వైపు కాలలేదు, ఆయిల్ దారి వైపు కాలలేదు, రెండు సిలిండర్ల మధ్యే కాలింది. అందుకే కూలెంట్, ఆయిల్ శుభ్రంగా కనిపించాయి. డిప్‌స్టిక్ చూసి కొనే పద్ధతిలో ఈ బండి సులభంగా పాసయ్యేది. పాసింగ్ టెస్టులో కూడా పాసయింది, ఎందుకంటే అక్కడ బ్రేకులు, లైట్లు, టైర్లు చూస్తారు, ఇంజిన్ లోపల గేజ్ పెట్టరు.

అమ్మే ఆయన వెంటనే నాలుగు వేలు తగ్గిస్తానన్నాడు. గ్యాస్కెట్ పనికి మూడు వేలలోపు అవుతుంది కాబట్టి లెక్క లాభంగానే కనిపిస్తుంది. మెకానిక్ అన్న తమ్ముణ్ని పక్కకు పిలిచి చెప్పాడు, "హెడ్ విప్పితేగానీ వంగిందో లేదో చెప్పలేను. వంగితే చెక్కించాలి, పగిలితే వేరేది వెయ్యాలి. విప్పకుండా నేను లెక్క చెప్పను" అని. ఆ నాలుగు వేలు తెలిసిన లోపానికి తగ్గింపు, తెలియని లోపానికి కాదు. తమ్ముడు వద్దన్నాడు. నా లెక్కలో అది సరైన నిర్ణయం. సొంతంగా విప్పగలిగినవాడికైతే అదే బండి మంచి బేరం కావచ్చు.

మరి స్కానర్ దేన్ని చూడలేదు? ఆయిల్ తాగే ఇంజిన్‌ను క్యాట్ దెబ్బతినేదాకా పట్టుకోలేకపోవచ్చు. బేరింగ్ చప్పుడు దానికి వినబడదు. ఇంకో ఇబ్బంది, గల్ఫ్ స్పెసిఫికేషన్‌తో వచ్చిన కొన్ని బండ్లలో అమెరికా బండ్లలో ఉన్నన్ని పరీక్షలు ఉండవు. కొన్ని లైన్ల దగ్గర N/A అని చూపిస్తుంది. అది లోపం కాదు, ఆ పరీక్షే ఆ బండిలో లేదు. అట్లాంటప్పుడు కిలోమీటర్ల లైను, వార్మప్ లైను మీదే ఆధారపడాలి. అవీ రాకపోతే చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయించి, నడిపి, Pending చూసి, గేజ్ పెట్టించడమే దారి. నడిపేటప్పుడు ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం అక్కడే పక్కకు ఆపండి. క్యాట్‌ను కాల్చేసేంత మిస్‌ఫైర్ అవుతోందని దాని అర్థం.

తమ్ముడు నెలరోజులకు ఇంకో బండి చూశాడు, ఇదే మోడల్, ఏడాది పాతది, రంగు ఎండకు వెలిసిపోయింది. అడిగింది 14,000. అన్ని పరీక్షలూ Complete, తుడిచి 11,000 కిలోమీటర్లు దాటింది, Pending ఖాళీ. గేజ్ మీద 168, 172, 170, 166. ఏసీ కంప్రెసర్ చప్పుడు చేస్తోందని మెకానిక్ అన్న చెప్పాడు, దానికి 700 తగ్గించి 13,300కు ముల్కియా మార్పించుకున్నారు. చెకింగ్‌లు రెండింటికీ కలిపి అయింది 500.